క్లాసులో తొలి ప్రజెంటేషన్: చివరి మాట ముందు రాయించండి

"శుక్రవారం క్లాసులో ప్రజెంటేషన్ ఇవ్వాలట. సైన్సులో ఏదైనా పర్లేదట. ఐదు నిమిషాలట." ఏడో తరగతి పాపో బాబో బడినుంచి వచ్చి ఈ మాట అనగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. నాన్న ఫోన్ తీసి వెతుకుతాడు. అమ్మ చార్టు, స్కెచ్ పెన్నులు తెప్పిస్తుంది. ఎక్కడో దొరికిన రెండు పేజీల సమాచారాన్ని పిల్ల బట్టీ పడుతుంది. క్లాసులో నిలబడ్డాక మొదటి పేజీ సగంలో ఒక మాట జారిపోతుంది, దాంతో తర్వాతవన్నీ పోతాయి. పిల్ల బెదిరిపోయిందని అనుకుంటాం. నిజానికి ఆ రెండు పేజీల్లో ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని అడిగేలా లేదు. అడగనప్పుడు తర్వాతి వాక్యం దానంతట అది ఎందుకు గుర్తొస్తుంది?

మొదలు, నడుమ, ముగింపు ఉండాలని టీచర్లు చెబుతూనే ఉంటారు. పిల్లలు వాటిని మూడు హెడ్డింగులుగా అర్థం చేసుకుంటారు. పైన నిర్వచనం, మధ్యలో పాయింట్లు, కింద ఉపయోగాలు. అలా కాకుండా ముగింపు అంటే జవాబు, మొదలు అంటే ఆ జవాబు కోసం వినేవాళ్లు ఎదురుచూసేలా చేసే ప్రశ్న, నడుమ అంటే ఆ జవాబును నమ్మడానికి కావలసిన రుజువు అని చెప్పి చూడండి. చెప్పేటప్పుడు ప్రశ్న ముందు వస్తుంది. తయారయ్యేటప్పుడు మాత్రం జవాబుతో మొదలుపెట్టాలి. దీన్ని ఒక ఉదాహరణతో పూర్తిగా చూద్దాం.

ముందు విషయం. పిల్ల "సూక్ష్మజీవులు" అంటుంది. అది పాఠం పేరు. ఐదు నిమిషాల్లో దాన్ని చెప్పబోతే రకాల పేర్లు, రోగాల పేర్లు చదవడంతోనే సరిపోతుంది. "ఎందుకు" అనో "ఎలా" అనో ముగిసే ఒక్క ప్రశ్నను, వీలైతే మీ ఇంట్లోనే తేల్చుకోగలిగిన ప్రశ్నను, ఆ పాఠంలోంచి బయటికి తీయండి. మన వంటింట్లో రోజూ రాత్రి జరిగేదే ఒకటుంది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేయాలని నానమ్మ అంటుంది. మరీ వేడిగా ఉంటే తోడుకోవు అంటుంది. ఎందుకు తోడుకోవు? ఈ ప్రశ్న చాలు, ఐదు నిమిషాలకు సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు పిల్లను కూర్చోబెట్టి, చిట్టచివర క్లాసుకు ఏం చెబుతుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పమనండి. పుస్తకం చూసుకోవచ్చు, మిమ్మల్ని అడగవచ్చు. మాటలు మాత్రం తనవే కావాలి. ఇలా వస్తే బాగున్నట్టు: "తోడులో ప్రాణమున్న బాక్టీరియా ఉంటుంది. గోరువెచ్చని పాలలో అది పెరిగి పాలను పుల్లగా చేస్తుంది, ఆ పులుపుకు పాలు గట్టిపడతాయి. బాగా వేడి పాలలో వేస్తే అది చచ్చిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే పని ఆపి ఊరుకుంటుంది." దీన్ని ఒక కాగితం మీద రాయించి, చదువుకునే బల్ల ముందు అంటించండి. ఇక నుంచి ఏ మాట కలపాలన్నా తీసేయాలన్నా ఈ కాగితాన్నే అడగాలి. ఈ వాక్యాలు పిల్ల నోట సాఫీగా రాకపోతే విషయం ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడే చార్టు జోలికి వెళ్లకండి.

తర్వాత నడుమ భాగం. కాగితం మీద మూడు సంగతులున్నాయి. గోరువెచ్చగా ఉంటే తోడుకుంటుంది, వేడికి బాక్టీరియా చస్తుంది, చలికి ఊరుకుంటుంది. చల్లని పాలు తోడుకోకపోవడం, వేడి పాలు తోడుకోకపోవడం చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండు గిన్నెల్లోనూ పాలు పాలుగానే ఉంటాయి. ఒకదానిలో బాక్టీరియా చచ్చిందని, ఇంకోదానిలో ఊరుకుందని క్లాసులో ఎవరైనా ఎందుకు నమ్మాలి? ఈ అనుమానం మీరే పిల్లను అడగండి. నడుమ భాగానికి కావలసిన బలమంతా అక్కడే ఉంది.

ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే రాత్రికల్లా తేలిపోతుంది. ఒకే పాలు కాచి, ఒకేలాంటి నాలుగు చిన్న స్టీలు గిన్నెల్లో తలా అర గ్లాసు పోయాలి. మొదటి గిన్నెలో పాలు గోరువెచ్చగా, అంటే సుమారు 40 డిగ్రీలకు వచ్చాక ఒక చిన్న చెంచా తోడు వేసి కలపాలి. రెండో గిన్నెలో పాలు పొంగి దించిన వెంటనే, ఆవిరి వస్తుండగానే, అంతే తోడు వేయాలి. ఇది మీ చేత్తో చేయండి, పిల్లను చూడమనండి. మూడో గిన్నెలో పాలను ముందే ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబరిచి, అంతే తోడు వేసి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. నాలుగో గిన్నెలో గోరువెచ్చని పాలే గానీ తోడు వేయకూడదు. అన్నిటికీ మూతలు పెట్టి, ఫ్రిజ్ గిన్నె తప్ప మిగతా మూడింటినీ ఒకే చోట ఉంచాలి. పాల వేడి చూడటానికి జ్వరం చూసే థర్మామీటర్ వాడొద్దు. అది సుమారు 42 డిగ్రీల వరకే చూపిస్తుంది, వేడి పాలలో ముంచితే పగిలిపోవచ్చు. చిటికెన వేలు పాలలో ముంచి హాయిగా ఉంచగలిగితే అది గోరువెచ్చదనమే.

ఐదారు గంటల తర్వాత చూస్తే మొదటి గిన్నె ఒక్కటే తోడుకుని ఉంటుంది. చలికాలమైతే ఇంకాస్త ఆగాలి. అది తోడుకున్నప్పుడే మిగతావాటిని కూడా చూడాలి. నాలుగో గిన్నె పాలుగానే ఉంది కాబట్టి గట్టిపడటం తోడు వల్లే జరిగిందని చెప్పవచ్చు. ఈ గిన్నె అక్కర్లేదని పిల్లలు అనుకుంటారు. అది లేకపోతే "పాలు ఊరికే అలా ఉంచినా గట్టిపడేవేమో" అని వెనక బెంచీ పిల్లవాడు అడిగితే జవాబు ఉండదు.

అసలు మలుపు ఇప్పుడు వస్తుంది. ఫ్రిజ్‌లోని మూడో గిన్నెను బయటికి తీసి, వేడి పాల గిన్నె పక్కనే పెట్టండి. ఇప్పుడు రెండూ ఒకే గది వేడిలో ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు చూస్తే ఫ్రిజ్‌లోంచి తీసింది తోడుకుని ఉంటుంది, లేదా తోడుకుంటూ ఉంటుంది. వేడి పాలలో తోడు వేసింది మాత్రం అలాగే ఉంటుంది. చలి బాక్టీరియాను ఆపింది, వేడి చంపింది. కళ్లతో చూడలేని బాక్టీరియా గురించి పన్నెండేళ్ల పిల్ల స్టీలు గిన్నెలతో ఈ తేడా తేల్చగలదు. ప్రజెంటేషన్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. ఐదు నిమిషాల్లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వమంటాను.

ఒక జాగ్రత్త. వేడి పాల గిన్నెలో అడుగున కొద్దిగా పలుకులు కనబడవచ్చు. తోడులోని పులుపు వేడి పాలకు తగిలితే కొంచెం విరుగుతుంది, అది తోడుకోవడం కాదు. ఎండాకాలంలోనైతే రాత్రికి ఆ గిన్నె వాసన మారవచ్చు. కాచినా చావని కొన్ని సూక్ష్మజీవులు పాలలో ఉంటాయి, గాలినుంచి వచ్చి పడేవి కూడా ఉంటాయి. అలా జరిగితే ప్రయోగం పాడైందని చెప్పి పిల్ల చేత వేరే ఫలితం రాయించవద్దు. "మధ్యాహ్నం వరకు పాలే, రాత్రికి వాసన మారింది" అని చూసింది చూసినట్టు చెప్పమనండి. రోజంతా బయట ఉన్న ఆ పాలను రుచి చూడనివ్వకుండా పారబోయండి.

ప్రయోగం ఏం జరిగిందో చూపిస్తుంది, ఎలా జరిగిందో చూపించదు. ఎలా అన్నది నాలుగైదు వాక్యాల్లో చెప్పాలి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. తోడులోని లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగు పులుపు ఆ ఆమ్లానిదే. పాలలో కేసీన్ అనే ప్రొటీన్ సన్నని రేణువులుగా, ఒకదాన్నొకటి అంటకుండా తేలుతూ ఉంటుంది. పులుపు పెరిగేకొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి, పాలలోని నీరు ఆ వలలో చిక్కుకుంటుంది. పెరుగులో గరిట పెట్టి ఉంచితే గుంటలో నీరు ఊరుతుందే, వల తెగినచోట బయటికొచ్చిన నీరే అది. ఏడో తరగతికి ఇంతకంటే లోతు అక్కర్లేదు. ఈ పేర్లలో ఏదైనా పిల్లకు నోరు తిరగకపోతే వదిలేసి "పాలలోని చక్కెర", "పాలలోని ప్రొటీన్" అనమనండి, విషయానికి లోటేమీ రాదు.

నడుమ భాగం సరిగా అల్లుకుందో లేదో తెలుసుకోవడానికి తెలుగు రాయడం చదవడం రాని అమ్మమ్మ కూడా చేయగల పరీక్ష ఒకటుంది. పిల్ల చెబుతుంటే వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏ మాట వాడుతోందో వినండి. "ఇంకా", "తర్వాత", "అలాగే" అనే మాటలే వస్తుంటే అది సమాచారం పోగు మాత్రమే. ఆ వాక్యాలను ఎటు మార్చినా తేడా ఉండదు కాబట్టి పిల్లకు వరస గుర్తుండదు. "అందుకని", "కానీ", "అయితే" వస్తుంటే ఒక వాక్యం ఇంకోదాన్ని లాగుతోందన్నమాట. సంభాషణ ఇలా సాగవచ్చు.

"అమ్మా, ఒక గిన్నె గోరువెచ్చగా పెట్టాను. ఇంకా ఒకటి వేడిగా పెట్టాను. ఇంకా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాను."

"వేడిగా ఎందుకు పెట్టావు తల్లీ?"

"వేడిగా ఉంటే తోడుకోదని నానమ్మ అంది కదా, అది నిజమో కాదో చూద్దామని."

"ఆ మాటే చెప్పు మరి. ఫ్రిజ్‌లో?"

"వేడికి తోడుకోదంది కదా. అయితే చల్లగా ఉంటే తోడుకుంటుందేమోనని."

"తోడుకుందా?"

"లేదు. కానీ బయటికి తీస్తే తోడుకుంది!"

ఇంతే. తల్లి పిల్లకు కొత్త విషయమేదీ చెప్పలేదు. "ఎందుకు" అని ఒకసారి, "ఫ్రిజ్‌లో?" అని ఒకసారి, "తోడుకుందా" అని ఒకసారి అడిగింది. రెండు "ఇంకా"ల స్థానంలో "నిజమో కాదో చూద్దామని", "అయితే", "కానీ" వచ్చాయి. ఇప్పుడు పిల్లకు వరస బట్టీ పట్టే పని లేదు.

ఇక తీసివేతలు. పిల్లలకు ఇది కష్టం, నాన్నలకు మరీ కష్టం, ఎందుకంటే వెతికి తెచ్చింది వాళ్లు. పులిసిన పాలలోంచి లాక్టిక్ ఆమ్లాన్ని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1780లో వేరు చేశాడు. పాలు పులవడం వెనక ప్రాణమున్న సూక్ష్మజీవి పని ఉందని ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857లో చెప్పాడు. రెండూ నిజాలే, రెండూ మంచి సంగతులే. బల్ల ముందు అంటించిన కాగితాన్ని అడగండి. షీలే లేకపోతే చివరి వాక్యాలకు లోటుందా? లేదు. ఆయన్ని పక్కన పెట్టండి. "తోడులో ప్రాణమున్నది ఏదో ఉందని ఎవరు కనిపెట్టారు" అని వినేవాళ్లకు అనిపించే చోట పాశ్చర్ ఒక్క వాక్యంలో రావచ్చు. ఆయన చిన్నతనం, రేబిస్ టీకా కథ వద్దు. పెరుగు తింటే ఆరోగ్యానికి కలిగే లాభాలు కూడా వద్దు. వాటికీ మన ప్రశ్నకూ సంబంధం లేదు. అలా తీసేసినవన్నీ వేరే కాగితం మీద రాసి ఉంచమనండి. ఎవరైనా అడిగితే అప్పుడు పనికొస్తాయి. పారేయడం లేదని తెలిస్తే పిల్ల సులభంగా వదులుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక మొదలు గురించి ఆలోచించండి. "గుడ్ మార్నింగ్, నా పేరు ఫలానా, నేను ఈరోజు మాట్లాడబోయే అంశం" అన్నది పలకరింపే, దాన్ని మొదలు అనుకోవద్దు. బడిలో అది తప్పనిసరైతే ఒక్క వాక్యంలో కానిచ్చి అసలు మొదలుకు రావాలి. మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం రసాయన శాస్త్రం చెప్పినప్పుడు, వరసగా ఆరు ఉపన్యాసాలు ఒక్క కొవ్వొత్తిని పట్టుకునే నడిపాడు. ఇంట్లో ఉన్న వస్తువును అందరి కళ్లముందు పెట్టడం అప్పుడూ పనిచేసింది, ఇప్పుడూ పనిచేస్తుంది. మన పిల్ల చేతిలో మూత గట్టిగా ఉన్న రెండు చిన్న పారదర్శకమైన సీసాలుంటే చాలు. ఒకదాంట్లో గోరువెచ్చని పాలు పోసి, తోడు వేసి, సీసాలోనే తోడుకోనివ్వాలి. అంచుకు కాస్త కింద దాకా నింపాలి, ఖాళీ ఎక్కువైతే బస్సు కుదుపులకు పెరుగు విరిగిపోతుంది. రెండోదాంట్లో వేడి పాలలో తోడు వేసి చల్లారాక పోయాలి. వేడిగా ఉండగా పోస్తే గాజు పగులుతుంది, ప్లాస్టిక్ వంకరపోతుంది. ఈ రెండూ ప్రజెంటేషన్ ముందురోజు సాయంత్రం చేసి, మొదటిది తోడుకోగానే రెండూ ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున తీసుకెళ్లాలి. క్లాసులోకి తేవచ్చో లేదో టీచర్‌ను ముందే అడగమనండి.

పిల్ల రెండు సీసాలూ వంచి చూపిస్తుంది. ఒకదాంట్లో తెల్లటిది కదలదు, ఒకదాంట్లో జారుతుంది. "రెండిట్లోనూ అవే పాలు, అదే తోడు. ఒకటి పెరుగైంది, ఒకటి కాలేదు. ఎందుకు?" అని ఆగాలి. ఇక్కడ రెండు క్షణాలు ఆగడాన్ని ఇంట్లో అభ్యాసం చేయించండి. ఆగకపోతే ప్రశ్న క్లాసుకు చేరకముందే జవాబు మొదలైపోతుంది. జవాబును మొదట్లోనే చెప్పేయాలన్న తొందర పిల్లలకు బాగా ఉంటుంది. "వేడికి బాక్టీరియా చనిపోతుంది కాబట్టి" అని మొదటి నిమిషంలోనే అనేస్తే మిగతా నాలుగు నిమిషాలూ వినడానికి ఎవరికీ కారణం ఉండదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు వాక్యాలను బట్టీ పట్టి, వాటి అర్థం తెలియకుండానే ఒప్పజెబుతారు. పైన చెప్పినదంతా మొదట తెలుగులో, మీతో మాట్లాడే తెలుగులోనే పూర్తి చేయించండి. ప్రశ్న, గిన్నెలు, మలుపు, జవాబు తెలుగులో సాఫీగా నడిచాక ఒక్కొక్క వాక్యాన్నీ తనకొచ్చిన చిన్న ఇంగ్లీషు వాక్యంగా చెప్పమనండి. ఇంగ్లీషు కాస్త తడబడినా దారి తెలిసిన పిల్ల మధ్యలో ఆగిపోదు. మీకు ఇంగ్లీషు రాకపోయినా మీరు చేయవలసిన సాయంలో ఏమీ తగ్గదు, ఎందుకంటే అది వినడం, "ఎందుకు" అని అడగడం.

ముందురోజు రాత్రి మొత్తం రాసిన కాగితం పిల్ల చేతిలో ఉండకూడదు. మూడు చిన్న చీటీలు చాలు. మొదటిదాని మీద "రెండు సీసాలు, ఎందుకు?", రెండోదాని మీద "నాలుగు గిన్నెలు, ఫ్రిజ్ గిన్నె బయటికి, చక్కెర, పులుపు, వల", మూడోదాని మీద చివరి వాక్యాల్లోని మొదటి మాట. చార్టు ఉంటే దాని మీద నాలుగు గిన్నెల బొమ్మలు, మధ్యాహ్నం ఏమైంది, రాత్రి ఏమైంది అన్న రెండు వరసలు చాలు. పేరాలు రాస్తే పిల్ల క్లాసు వైపు వీపు పెట్టి చార్టు చదువుతుంది. గడియారం పెట్టి ఒకసారి చెప్పించండి. మొదలు ఒక నిమిషం లోపే అయిపోవాలి, చివరికి అర నిమిషమైనా మిగలాలి. ఎక్కువైతే వేగం పెంచమనకండి, ఒక సంగతి తీసేయండి. తర్వాత మధ్యలో ఆపి, "ఫ్రిజ్ గిన్నె దగ్గర్నుంచి చెప్పు" అనండి. అక్కణ్నుంచి చెప్పగలిగితే అర్థమైనట్టు. మళ్లీ గుడ్ మార్నింగ్ నుంచి మొదలుపెడితే ఇంకా బట్టీలోనే ఉన్నట్టు, అప్పుడు చీటీల దగ్గరికి వెళ్లాలి.

చాలామంది పిల్లలు బాగా చెప్పుకొచ్చి "అంతే మేడమ్, థాంక్యూ" అని కూలబడతారు. బల్ల ముందు ఉన్న చివరి వాక్యాలను అందుకే ముందు రాయించాం. అవి మాత్రం మాట పోకుండా నేర్చుకోవచ్చు. వాటి వెనకే ఒక నిజాయితీ వాక్యం చేర్చితే ఇంకా బాగుంటుంది: "మేము బాక్టీరియాను చూడలేదు, అది చేసిన పనినే చూశాం." చూసింది ఏది, పుస్తకం చెప్పింది ఏది అన్న తేడా తెలిసిన పిల్ల అని టీచర్‌కు ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది.

తర్వాత ప్రశ్నలు వస్తాయి. పులుపుకే పాలు గట్టిపడతాయంటే నిమ్మరసం పిండితే పెరుగు ఎందుకు కాదు అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మీరే ముందు ఇంట్లో అడిగి, కాస్త వేడి పాలలో నిమ్మరసం పిండి చూపించండి. పులుపు ఒక్కసారిగా పడటంతో ప్రొటీన్ వలలా అల్లుకునే వ్యవధి లేక ముద్దలుగా విరిగి నీళ్లు వేరైపోతాయి. బాక్టీరియా గంటల తరబడి కొద్దికొద్దిగా పులుపు చేస్తుంది కాబట్టి వల అంతటా సమంగా పరుచుకుంటుంది. ఇది తెలిసినా ప్రజెంటేషన్‌లో చేర్చనివ్వకండి, ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి ఉంచండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు మేడమ్, ఇంట్లో చేసి చూసి సోమవారం చెబుతాను" అనమనండి. అలా అని వస్తే ఆ ఆదివారం మళ్లీ నాలుగు గిన్నెలు కడిగి సిద్ధంగా పెట్టండి.